ఫోటోను గేమ్‌బాయ్ నాలుగు పచ్చ షేడ్‌లలోకి దింపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో ఉదాహరణ ఒక్కటే. మా అమ్మమ్మ అరుగు మీద కూర్చుని ఉండగా ఫోన్‌తో తీసిన ఫోటో, 4000×3000 పిక్సెళ్లు. వెనక సున్నం వేసిన గోడ, నుదుట ఎర్ర బొట్టు, ముక్కుకు ముక్కుపుడక. దీన్ని గేమ్‌బాయ్ అనే పాత చేతి గేమ్ మెషీన్ తెరలా 160×144 సైజులో నాలుగే నాలుగు రంగులతో చూపించాలి. నేను ఎక్కడెక్కడ పొరపాటు పడ్డానో కూడా రాశాను, ఎందుకంటే అడిగేవాళ్లలో చాలామంది ఆగిపోతున్నది కూడా అక్కడే.

ఇన్ని పాత మెషీన్లుండగా గేమ్‌బాయే ఎందుకు?

లెక్క తేలిక కాబట్టి. 1989లో వచ్చిన మొదటి గేమ్‌బాయ్ తెర 160×144. ఒక్కో పిక్సెల్‌కి రెండు బిట్లు, అంటే నాలుగు షేడ్‌లు. రంగుల గొడవ లేదు, ముదురు నుంచి లేత వరకు నాలుగు మెట్లు, అంతే. ఈ నాలుగు మెట్లతో పని కుదిరితే పదహారు రంగుల పాలెట్‌తో చేయడం పెద్ద కష్టం కాదు. నేరుగా పదహారు రంగులతో మొదలుపెడితే మాత్రం తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడం కష్టం.

డిథరింగ్ అంటే ఏంటి? అది లేకుండా చేయకూడదా?

చేయొచ్చు. ప్రతి పిక్సెల్‌ని దానికి దగ్గరి షేడ్‌తో మార్చేస్తే పని అయిపోతుంది. కానీ అమ్మమ్మ చెంప మీద వెలుగు మెల్లగా తగ్గుతూ వచ్చే చోట నాలుగు షేడ్‌ల మధ్య గీత గీసినట్టు అంచులు పడతాయి. ముఖం కాస్తా మ్యాపులో కొండల ఎత్తులు చూపే పటంలా తయారవుతుంది.

డిథరింగ్‌లో ఈ అంచులు పోవడానికి రెండు షేడ్‌లని చిన్న చిన్న చుక్కలుగా కలుపుతారు. పదహారు పిక్సెళ్ల గడిలో ఏడు లేతవి, తొమ్మిది ముదురువి పెడితే దూరం నుంచి చూసే కంటికి మధ్య రంగు కనిపిస్తుంది. న్యూస్ పేపర్లో నల్ల సిరా ఒక్కదానితోనే బూడిద రంగు ఫోటో వేసే కిటుకు కూడా ఇలాంటిదే.

ఏది ముందు, ఏది తర్వాత?

ముందు కత్తిరించడం, తర్వాత చిన్నది చేయడం, ఆ తర్వాత వెలుగు సరిచూసుకోవడం, ఆఖర్న డిథరింగ్. డిథరింగ్ అయ్యాక సైజు ముట్టుకోకూడదు. ఒక్కటే మినహాయింపు: సరిగ్గా రెండింతలు, మూడింతలు, నాలుగింతలు అని పూర్ణ సంఖ్యతో పెద్దది చేసుకోవచ్చు.

నేను మొదటిసారి దీన్ని తిరగేశాను. పెద్ద ఫోటోకే డిథరింగ్ చేసి, దాన్ని చిన్నది చేశాను. చుక్కలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి మళ్లీ మధ్య రంగులు పుట్టుకొచ్చాయి. నాలుగు రంగులు ఉండాల్సిన బొమ్మలో వందల రంగులు తేలాయి. కంటికి బాగానే ఉన్నట్టుండేది, దగ్గరికి జరిపి చూస్తే అంతా మసక.

కత్తిరించడాన్ని తేలిగ్గా తీసుకోకండి. మనిషి మొత్తం కనిపించేలా ఉంచితే 144 పిక్సెళ్ల ఎత్తులో తల వంతుకు పాతిక పిక్సెళ్లు కూడా రావు. అందులో కన్ను రెండు చుక్కలు. అందుకని అమ్మమ్మ తల, భుజాలు వరకే, 1600×1440 పిక్సెళ్ల ముక్క తీసుకున్నాను. తెర కొలత 10:9 కాబట్టి ఈ సైజు పక్కాగా సరిపోతుంది. పదో వంతుకి తగ్గిస్తే 160×144 వస్తుంది, అంటే వంద అసలు పిక్సెళ్ల సగటు ఒక్క కొత్త పిక్సెల్ అవుతుంది.

బ్లాక్ అండ్ వైట్ చేయగానే బొట్టు మాయమైంది. ఎందుకు?

మా ఫోటోలోనూ అదే జరిగింది. మామూలుగా బూడిద రంగులోకి మార్చేటప్పుడు ఎరుపులో 0.299, పచ్చలో 0.587, నీలంలో 0.114 వంతులు తీసుకుని కలుపుతారు. బొట్టు రంగు సుమారు (180, 30, 40) అనుకుంటే ఆ లెక్కన 76 వస్తుంది. దాని పక్కన నుదుటి చర్మం, నీడలో, సుమారు (110, 75, 55). ఇది 83. రెండూ దాదాపు ఒకటే బూడిద. నాలుగు షేడ్‌లకి దింపాక వాటి మధ్య తేడా మిగలదు.

దీనికి విరుగుడు ఏంటంటే సగటు వదిలేసి పచ్చ చానెల్ ఒక్కటే వాడటం. అందులో బొట్టు 30, చర్మం 75. బొట్టు ముదురు చుక్కలా నిలబడుతుంది. కుంకుమ, ఎర్ర అంచు చీర, తాంబూలం వేసుకున్న పెదాలు ఉన్న ఫోటోలన్నిటికీ నేను ఇదే వాడతాను. ఒక ఇబ్బంది కూడా ఉంది: చర్మం మీద మచ్చలు, మొటిమలు కూడా పచ్చ చానెల్‌లోనే ఎక్కువ కనిపిస్తాయి. పెళ్లికూతురి ఫోటోకి చేసేముందు ఒకసారి ఆలోచించుకోండి.

బేయరా, ఫ్లాయిడ్–స్టైన్‌బెర్గా? ఏది అసలైన పాత లుక్?

1976లో రాబర్ట్ ఫ్లాయిడ్, లూయిస్ స్టైన్‌బెర్గ్ ప్రకటించిన డిథరింగ్ పద్ధతిలో ప్రతి పిక్సెల్ దగ్గర జరిగిన తప్పుని, అంటే అసలు విలువకీ వేసిన షేడ్‌కీ ఉన్న తేడాని, పక్క పిక్సెళ్లకి పంచుతారు. కుడివైపుకి పదహారులో ఏడు వంతులు, కింది వరుసలో ఎడమ నుంచి కుడికి మూడు, అయిదు, ఒకటి. పెద్ద బొమ్మకి ఇది చాలా బాగుంటుంది. 160×144లో మాత్రం చర్మం మీద పురుగులు పాకినట్టు వంకర గీతలు పడతాయి. పైగా ఒక మూల ఒక్క పిక్సెల్ మారినా దాని తర్వాతి చుక్కలన్నీ చోటు మారొచ్చు. యానిమేషన్ చేస్తే బొమ్మంతా గిజగిజలాడుతుంది.

బ్రైస్ బేయర్ 1973లో ఇచ్చిన పద్ధతి వేరు. ఒక 4×4 పట్టికలో 0 నుంచి 15 వరకు అంకెలు ఒక లెక్క ప్రకారం చల్లి ఉంటాయి. ఆ పట్టికని బొమ్మంతా పలకల్లా పరిచి, ఒక్కో పిక్సెల్‌ని తన చోట ఉన్న అంకెతో పోల్చి ముదురా లేతా అని తేలుస్తారు. పక్క పిక్సెల్‌తో దీనికి పని లేదు. చుక్కలు చుక్కల ముగ్గులా వరుసగా పడతాయి. కెమెరాల్లో ఉండే బేయర్ ఫిల్టర్ కూడా ఈయనదే.

గేమ్‌బాయ్ లుక్ కావాలంటే బేయర్ వాడండి. ఇది నా ఇష్టంతో చెప్తున్నది కాదు. 1998లో వచ్చిన గేమ్‌బాయ్ కెమెరా కార్ట్రిడ్జ్‌లోనే 4×4 పట్టికతో ఈ పోలిక జరిగేది. ఆ కెమెరా ఫోటోల్లో మనకి గుర్తుండిపోయిన గళ్ల చుక్కలు అక్కడివే. ఫ్లాయిడ్–స్టైన్‌బెర్గ్ తప్పు కాదు, కాకపోతే దాన్ని చూస్తే గేమ్‌బాయ్ కంటే ఫ్యాక్స్ కాగితమే గుర్తొస్తుంది.

కోడ్ ఇస్తారా?

పైథాన్, పిల్లో, నంపై ఉంటే చాలు. కత్తిరించే అంకెలు మీ ఫోటోకి తగ్గట్టు మార్చుకోండి.

```python
from PIL import Image, ImageOps
import numpy as np

im = ImageOps.exif_transpose(Image.open("photo.jpg")).convert("RGB")
im = im.crop((1200, 500, 2800, 1940)).split()[1]
im = im.resize((160, 144), Image.BOX)
im = ImageOps.autocontrast(im, cutoff=1)

B = np.array([[0,8,2,10],[12,4,14,6],[3,11,1,9],[15,7,13,5]])
T = (np.tile(B, (36, 40)) + 0.5) / 16
g = np.asarray(im) / 255
v = g * 3
idx = np.floor(v + T).astype(np.uint8)

out = Image.fromarray(idx)
out.putpalette([15,56,15, 48,98,48, 139,172,15, 155,188,15])
out.resize((640, 576), Image.NEAREST).save("gb.png")
```

`split()[1]` అంటే పచ్చ చానెల్. `v` అనేది 0 నుంచి 3 వరకు, అంటే నాలుగు మెట్ల మీద ఈ పిక్సెల్ ఎక్కడుందో చెప్పే అంకె. దానికి పట్టికలోని భిన్నం కలిపి కింది పూర్ణ సంఖ్యకి దించితే షేడ్ నంబర్ వస్తుంది. చివరి వరుసలో `NEAREST` తీసేయకండి, తీసేస్తే మళ్లీ మసక.

అంతా చేశాను, కానీ ముఖం వెలిసిపోయినట్టుంది. కాంట్రాస్ట్ పెంచినా లాభం లేదు.

ఈ ప్రశ్న కోసమే ఈ పేజీ రాశాననుకోండి. తప్పు మీ ఫోటోలో లేదు, పాలెట్‌లో ఉంది.

నెట్‌లో ఎక్కడ చూసినా గేమ్‌బాయ్ రంగులంటే `#0f380f`, `#306230`, `#8bac0f`, `#9bbc0f` అనే నాలుగే ఇస్తారు. అసలు గేమ్‌బాయ్ తెరకి లోపల లైటు లేదు, బయటి వెలుగులో చూడాల్సిందే, కాంట్రాస్ట్ తిప్పే చక్రం పక్కనే ఉండేది. కాబట్టి ఈ నాలుగు కోడ్‌లు జనం అలవాటు చేసుకున్న అంచనాలే గానీ, తెర మీద ఖాయంగా ఇవే ఉండేవని చెప్పలేం. సరే, వాడుకుందాం. కానీ ఒకసారి వాటి వెలుగు కొలవండి. పైన బూడిద రంగుకి వాడిన అదే లెక్కతో ముదురు నుంచి లేత వరకు ఇలా వస్తాయి: 39, 77, 144, 158.

మెట్లు సమానంగా లేవు చూశారా? మొదటి మెట్టు 38, రెండోది 67, మూడోది 14 మాత్రమే. మన కోడ్ మాత్రం మెట్లన్నీ ఒకే ఎత్తు అనుకుని లెక్క వేస్తోంది. ఇలాంటి మెట్లు ఎక్కేవాడు ఒకే కొలత అడుగు వేసుకుంటూ పోతే ఎక్కడో తట్టుకుంటాడు.

అమ్మమ్మ చెంప మీద ఒక చోట విలువ 140 ఉంది. 255లో అది 55 శాతం. కోడ్ ప్రకారం `v` 1.65 అవుతుంది, అంటే పదహారు పిక్సెళ్ల గడిలో పదింటికి మూడో షేడ్, ఆరింటికి రెండో షేడ్. వాటి సగటు వెలుగు 119. పాలెట్ మొత్తం 39 నుంచి 158 వరకే కదా, ఆ పరిధిలో 119 అంటే 67 శాతం. 55 ఉండాల్సింది 67కి ఎక్కింది. ఇంకాస్త వెలుగు చోట్ల ఇంకా ఘోరం: 67 శాతం ఉన్న పిక్సెల్ నేరుగా మూడో షేడ్ అయిపోయి 88 శాతానికి ఎక్కి కూర్చుంటుంది. ముఖం వెలిసిపోవడానికి కారణం ఇదే.

దీనికి ఒక్క వరుస మారిస్తే చాలు. నాలుగు షేడ్‌లు నిజంగా ఎక్కడున్నాయో చెప్పండి. 39 నుంచి 158 వరకు పరిధిలో రెండో షేడ్ 0.32 దగ్గర, మూడోది 0.88 దగ్గర ఉంది. `v = g * 3` తీసేసి ఇది పెట్టండి:

```python
v = np.interp(g, [0, 0.32, 0.88, 1], [0, 1, 2, 3])
```

ఇప్పుడు అదే చెంపకి `v` 1.41. పదహారింటిలో ఏడు లేతవి, తొమ్మిది ముదురువి. సగటు 106, అంటే 57 శాతం. అసలుకి దగ్గరగా వచ్చింది. ముక్కు పక్క నీడ, గడ్డం కింద నీడ తిరిగి కనిపించాయి.

దీన్ని వాడినా ఒక లోటు మిగులుతుంది. పై రెండు షేడ్‌ల మధ్య తేడా 14 మాత్రమే కాబట్టి సున్నం గోడ మీద చుక్కలు పడినా కంటికి ఆనవు, గోడ చదునుగానే ఉంటుంది. మధ్య మెట్టు 67 కాబట్టి ముఖం మీద చుక్కలు గరుగ్గా కనిపిస్తాయి. గరుకు నచ్చకపోతే నాలుగు షేడ్‌లని సమాన దూరంలో మీరే ఎంచుకోండి, అప్పుడు `g * 3` లెక్క సరిగ్గా సరిపోతుంది. నేను ఎక్కువగా చేసేది అదే.

గామా సంగతి చూసుకోవాలా?

గామా అంటే ఫైల్లో ఉన్న అంకెకీ తెర నుంచి వచ్చే వెలుగుకీ మధ్య ఉండే వంకర లెక్క. నాలుగు షేడ్‌లకైతే నేను పట్టించుకోను. నలుపు, తెలుపు రెండే ఉంటే మాత్రం చూసుకోవాలి. నలుపు తెలుపు గళ్లు సగం సగం ఉన్న బొమ్మని దూరం నుంచి చూస్తే 128 బూడిదలా ఉండదు, సుమారు 188లా ఉంటుంది. కంటికి చేరే వెలుగు కలిసేది ఫైల్లో రాసుకున్న అంకెల ప్రకారం కాదు మరి. షేడ్‌లు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నకొద్దీ ఈ తేడా తగ్గిపోతుంది.

కోడ్ రాదు. గింప్‌లో చేసుకోవచ్చా?

శుభ్రంగా చేసుకోవచ్చు, ఒక చిన్న ఉపాయం తెలిస్తే. బూడిద ఫోటోని నేరుగా పచ్చ పాలెట్‌కి మార్చమంటే గింప్ రంగు దూరం కొలుస్తుంది, ముదురు లేత కాదు. ఫలితం తిక్కగా వస్తుంది. అందుకని ముందు నాలుగు బూడిద రంగులతో పాలెట్ చేసుకోండి: 0, 82, 225, 255. పైన చెప్పిన 0.32, 0.88 అనే చోట్లే ఇవి. ఫోటోని 160×144కి తగ్గించాక `Image > Mode > Indexed` తెరిచి, మీ పాలెట్ ఎంచుకుని, వాడని రంగులు తీసేసే టిక్ తీసేసి, డిథరింగ్‌లో `Positioned` పెట్టండి. తర్వాత `Colormap` కిటికీలో ఆ నాలుగు బూడిద రంగులని ఒక్కొక్కటిగా పచ్చలోకి మార్చుకోండి. చుక్కల చోటు మారదు, రంగు మాత్రమే మారుతుంది.

ఇలా చేస్తే అది పిక్సెల్ ఆర్ట్ అవుతుందా, ఉత్త ఫిల్టరేనా?

ఇక్కడితో ఆపితే ఫిల్టరే. నేను ఆ తర్వాత ఓ అరగంట చేత్తో దిద్దుతాను.

అమ్మమ్మ కన్ను తొమ్మిది పిక్సెళ్ల వెడల్పు వచ్చింది. డిథరింగ్‌కి అది కన్ను అని తెలియదు కాబట్టి కనుపాప మధ్యలో కూడా ఒక లేత చుక్క వేసింది, చూపు చెదిరినట్టుంది. కనుపాపని మొత్తం ముదురు షేడ్‌తో నింపి, పైన ఎడమ మూల ఒక్క పిక్సెల్ లేతది పెట్టాను. మనిషి చూస్తున్నట్టయింది. ముక్కుపుడక అసలు ఫోటోలో పదిహేను పిక్సెళ్లు, అంటే ఇక్కడ ఒకటిన్నర. సగటులో కరిగిపోయింది. దాన్ని ఒక లేత పిక్సెల్, దాని కింద ఒక ముదురు పిక్సెల్‌గా మళ్లీ పెట్టాను. పెదాల మధ్య గీతలో చుక్కలన్నీ తీసేసి సన్నటి ముదురు గీత ఒక్కటి ఉంచాను.

పద్ధతి ఏంటంటే వెలుగు మెల్లగా మారే చోట, అంటే చెంప, నుదురు, చీర మడతల దగ్గర చుక్కలు ఉండనివ్వండి. అంచు ఉన్న చోట, అంటే కన్ను, పెదవి, గోడకి జుట్టు ఆనుకున్న చోట చుక్కలు తుడిచేయండి. దిద్దేటప్పుడు బొమ్మ ఇండెక్స్‌డ్ మోడ్‌లోనే, అంటే పాలెట్‌లోని రంగులు తప్ప వేరేవి పడని మోడ్‌లోనే ఉండాలి, లేకపోతే మెత్తటి బ్రష్ ఒక్క గీతతో కొత్త రంగులు తెచ్చిపెడుతుంది.

ఫ్రెండ్స్‌కి పంపితే చుక్కలు పాడైపోతున్నాయి.

జేపెగ్‌గా సేవ్ చేసి ఉంటారు, లేదా వాట్సాప్‌లో ఫోటోగా పంపి ఉంటారు. రెండింట్లోనూ చుక్కల చుట్టూ మురికి పడుతుంది. పీఎన్‌జీగా దాచుకోండి, పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. స్టేటస్ పెట్టాలంటే ముందే నాలుగింతలో అయిదింతలో పెంచి పెట్టండి, మురికి పడినా చుక్కలు గుర్తుపట్టేంతగా ఉంటాయి.

బొమ్మ చెడిందో లేదో కంటితో చూసి టెన్షన్ పడక్కర్లేదు. రంగులు లెక్కపెట్టమనండి:

```
magick identify -format "%k" gb.png
```

4 రావాలి. 3 వస్తే ఒక షేడ్ వాడకంలోకే రాలేదని, ఫోటోలో కాంట్రాస్ట్ చాలలేదని అర్థం. 4 కంటే ఎక్కువ వస్తే డిథరింగ్ అయ్యాక ఎక్కడో సైజు మారింది, లేదా జేపెగ్ గుండా పోయింది.

నాలుగు షేడ్‌లు బోర్. రంగులు కావాలంటే?

లెక్క అదే, మూడు చానెళ్లకి చేయాలి: పట్టికలోని భిన్నం నుంచి 0.5 తీసేసి, ఒక బలంతో గుణించి, ఆర్ జీ బీ మూడింటికీ కలిపి, పాలెట్‌లో దగ్గరి రంగు వెతకాలి. ఆ బలం ఎంత అనేది చేసి చూసుకోవాల్సిందే. పాలెట్‌లో రంగులు ఎంత దూరంగా ఉంటే అంత ఎక్కువ కావాలి. చిక్కల్లా మన చర్మం రంగుతో. పికో-8 అనే సాఫ్ట్‌వేర్ గేమ్ కన్సోల్ పదహారు రంగుల్లో గోధుమ `#AB5236`, లేత పీచు `#FFCCAA` ఉన్నాయి గానీ మధ్యలో సరైన చామనఛాయ లేదు. ఆ రెంటినీ కలిపి చుక్కలు వేస్తే ముఖం మీద అమ్మవారు పోసినట్టుంటుంది. అలాంటప్పుడు నేను ముఖానికి డిథరింగ్ పూర్తిగా మానేసి రెండు రంగుల్లో చదునుగా ఉంచుతాను.

నిజమైన గేమ్‌బాయ్ మీద ఈ బొమ్మ కనిపిస్తుందా?

ఇలాగే అంటే కష్టం. గేమ్‌బాయ్ తెరని పిక్సెళ్లుగా కాదు, 8×8 టైళ్లుగా కడుతుంది. తెర నిండా 20×18, అంటే 360 టైళ్లు. బ్యాక్‌గ్రౌండ్‌లో ఒకేసారి పిలవగలిగే వేర్వేరు టైళ్లు 256. తెర సగంలో టైళ్ల చోటు మార్చే కిటుకు వాడితే దాటొచ్చు, కానీ దానికి ప్రోగ్రామింగ్ కావాలి. గేమ్‌బాయ్ కెమెరా ఫోటో 128×112 కాబట్టి దానికి 224 టైళ్లే, ఆ ఇబ్బందే లేదు.

బేయర్ వల్ల ఇక్కడ ఇంకో లాభం ఉంది. 4×4 పట్టిక 8×8 టైల్‌లో సరిగ్గా నాలుగుసార్లు పడుతుంది. కాబట్టి ఒకే వెలుగు ఉన్న గోడ మీద టైళ్లన్నీ అచ్చం ఒకేలా వస్తాయి, ఒక్కదాన్నే పదిచోట్ల వాడుకోవచ్చు. ఫ్లాయిడ్–స్టైన్‌బెర్గ్‌లో ఇలా రెండు టైళ్లు కలవడం అరుదు. మీ బొమ్మలో ఎన్ని వేర్వేరు టైళ్లున్నాయో కోడ్ చివర ఇది పెట్టి చూడండి:

```python
t = idx.reshape(18, 8, 20, 8).swapaxes(1, 2).reshape(360, 64)
print(len(np.unique(t, axis=0)))
```

అమ్మమ్మ ఫోటోకి మొదట 256 దాటింది. చూడటానికి తెల్లగా ఉన్న గోడలో సున్నం మరకలు, ఫోన్ కెమెరా నాయిస్ కలిసి ప్రతి టైల్‌లోనూ ఒకటో రెండో చుక్కలు అటూ ఇటూ చేశాయి. డిథరింగ్‌కి ముందే గోడ మొత్తానికి ఒకే బూడిద రంగు పూశాక 256 లోపలికి దిగింది. గోడ మీద పాత క్యాలెండర్ మేకు ఒకటి ఉండేది, దాన్ని మాత్రం ఉంచాను. దానికి ఒక టైల్ ఖర్చయింది.